స్కూలుకు రాసిన లేఖ: మా అమ్మాయి టీకాలకు గడువు అడిగిన అనుభవం

మా అమ్మాయికి పోలియో చుక్కలు పుట్టిన రోజు నుంచి వేయిస్తూనే ఉన్నాం. పల్స్ పోలియో ఆదివారం ఒక్కటి కూడా వదల్లేదు. అయినా 2024లో న్యూజెర్సీలో కిండర్‌గార్టెన్‌లో చేర్చడానికి వెళ్తే, స్కూలు నర్సు నింపిన కాగితంలో పోలియో వరుసలో సున్నా ఉంది. తట్టుకు ఒకటి, గవదబిళ్లలకు సున్నా, ఆటలమ్మకు సున్నా. హెపటైటిస్ బి దగ్గర పుట్టిన రోజుదీ కలిపి నాలుగు డోసులు కనబడుతున్నా పక్కన ప్రశ్నార్థకం. ఆ కాగితం పట్టుకుని, ఆలస్యాన్ని వివరిస్తూ, మిగిలినవి పూర్తి చేయడానికి సమయం ఇమ్మని స్కూలుకు ఒక లేఖ రాశాను. ఆంధ్ర, తెలంగాణల నుంచి పిల్లలతో వచ్చే చాలా కుటుంబాలకు ఇదే కాగితం ఎదురవుతుంది కాబట్టి అది ఎలా సాగిందో వివరంగా రాస్తున్నాను.

మొదట మా లెక్క చెబుతాను. అమ్మాయి 2018 నవంబరు 12న పుట్టింది, తెనాలి దగ్గర మా అమ్మగారి ఊళ్లో. టీకాలన్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్లవే. పుట్టగానే బీసీజీ, హెపటైటిస్ బి, పోలియో చుక్కలు. తర్వాత కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీతోపాటు హెపటైటిస్ బి కూడా కలిసి ఉండే పెంటావాలెంట్ మూడు విడతలు డిసెంబరు, జనవరి, మార్చి నెలల్లో. తొమ్మిది నెలలు నిండాక, 2019 ఆగస్టు 14న తట్టు-రుబెల్లా టీకా. ఆ తర్వాతి విడత 16 నుంచి 24 నెలల మధ్య పడాలి. అమ్మాయికి పదహారు నెలలు నిండిన నెలలోనే, 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. మా ఊళ్లో బుధ, శనివారాల టీకాల కార్యక్రమం కొంతకాలం ఆగింది. మళ్లీ మొదలైనా, ఇంట్లో పెద్దవాళ్లకు కోవిడ్ రావడంతో గడప దాటలేదు. చివరికి తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టర్, చుక్కలు 2021 ఫిబ్రవరి 3న పడ్డాయి. అయిదు ఏళ్లు దాటాక వేయాల్సిన రెండో డీపీటీ బూస్టర్‌కు ఇంకా సమయం ఉండగానే ప్రయాణం వచ్చింది.

అంటే మా దృష్టిలో ఆలస్యం ఒక్క విడత మాత్రమే, అదీ పూర్తయింది. స్కూలు దృష్టిలో మాత్రం సగం టీకాలు లేవు. ఈ తేడా ఎక్కడిదో తెలియకుండా లేఖ రాస్తే అది ఉపయోగపడదని నాకు అనిపించింది. పిల్లల డాక్టరు గారిని అడిగి ఒక్కొక్కటీ అర్థం చేసుకున్నాను.

పోలియో సంగతి ఇది. పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి. రెండో రకం సహజ వైరస్ ప్రపంచం నుంచి పోయిందని 2015లో ప్రకటించారు. దాంతో 2016 ఏప్రిల్‌లో భారత్ సహా చుక్కలు వాడే దేశాలన్నీ ఆ మందులోంచి ఆ రకాన్ని తీసేశాయి. అప్పటి నుంచి మన పిల్లలకు పడే చుక్కల్లో ఒకటో రకం, మూడో రకం మాత్రమే ఉంటాయి. అమెరికా మూడు రకాలకూ రక్షణ ఉండాలంటుంది. కాబట్టి 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కలను అక్కడ లెక్కలోకి తీసుకోరు. చుక్కలతోపాటు మన దగ్గర పోలియో ఇంజెక్షన్ కూడా వేస్తారు కదా అని అడిగాను. ప్రభుత్వ కేంద్రాల్లో దాన్ని పూర్తి డోసులో అయిదో వంతు, చర్మం పొరలోకి వేస్తారు. దాన్ని కూడా మా డాక్టరు గారు లెక్కలో వేయలేదు. అలా పోలియో దగ్గర సున్నా మిగిలింది.

తట్టుది వేరే కారణం. మన దగ్గర పసివాళ్లకు తట్టు తొందరగా సోకే ప్రమాదం ఉంది కాబట్టి తొమ్మిది నెలలకే మొదటి డోసు వేస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటికి కొంత మిగిలి ఉండి టీకా పనిని తగ్గించవచ్చు కాబట్టి, అమెరికాలో మొదటి పుట్టినరోజు తర్వాత వేసినదే లెక్క. ఆ ప్రకారం మా అమ్మాయికి 2021లో వేసినది ఒక్కటే నిలిచింది. పైగా ప్రభుత్వ టీకాలో తట్టు, రుబెల్లా మాత్రమే ఉంటాయి, గవదబిళ్లలు ఉండవు. ఆటలమ్మ టీకా ప్రభుత్వ జాబితాలోనే లేదు. హెపటైటిస్ బి చివరి డోసు బిడ్డకు 24 వారాలు నిండాక పడాలని అమెరికా నియమం. మన పెంటావాలెంట్ మూడో విడతను 14 వారాలకే వేస్తారు. మా అమ్మాయికి అది పడిన 2019 మార్చి 6 నాటికి నాలుగు నెలలు కూడా నిండలేదు. అందుకే అక్కడ ప్రశ్నార్థకం.

ఇదంతా విన్నాక మన టీకాలు తక్కువ రకమని ఎవరూ అనుకోకూడదని గట్టిగా చెప్పాలనిపిస్తోంది. తొమ్మిది నెలలకు తట్టు టీకా, ఆరు వారాల నుంచే కోరింత దగ్గు నుంచి రక్షణ, ఇవన్నీ మన పిల్లల ప్రాణాలు కాపాడటానికి ఆలోచించి పెట్టిన తేదీలు. ఎండలో ఊరూరా తిరిగి టీకాలు వేసిన ఏఎన్ఎంల మీద నాకు గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు. స్కూలుకు రాసిన లేఖలో కూడా మన పద్ధతిని తక్కువ చేసే మాట ఒక్కటీ రాయలేదు.

లేఖ రాసే ముందు స్కూలు నర్సుకు ఫోన్ చేసి, దాంట్లో ఏమి ఉంటే మీకు పనికొస్తుందని అడిగాను. ఆమె చెప్పినది నాకు చాలా మేలు చేసింది. టీకాల గురించి తల్లిదండ్రులు పంపే లేఖల్లో చాలావరకు టీకాలు వద్దని, మినహాయింపు కావాలని ఉంటాయట. అందుకని మొదటి వాక్యాల్లోనే ఇది మినహాయింపు కోరే లేఖ కాదని స్పష్టంగా ఉండాలి. ఎందుకు ఆలస్యమైందో రెండు మూడు వాక్యాలు చాలు. ఆమెకు అసలు కావలసింది ఏ డోసు ఏ తేదీన పడుతుందన్నది. తల్లిదండ్రుల మాట సాక్ష్యం కాదు కాబట్టి ప్రతి తేదీకీ డాక్టరు సంతకం ఉన్న కాగితం వెనక ఉండాలి.

న్యూజెర్సీ నియమం ప్రకారం, కావలసిన ప్రతి టీకాలో కనీసం ఒక్క డోసు పడి, మిగతావి క్రమంగా వేయిస్తుంటే స్కూలు తాత్కాలిక ప్రవేశం ఇస్తుంది. అయిదేళ్లు నిండిన పిల్లలు ఏడాదిలోగా పూర్తి చేయాలి. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకు పాత రికార్డులు తెప్పించుకోవడానికి దానికి ముందు 30 రోజులు ఇస్తారు. ఈ తాత్కాలిక ప్రవేశం ఒక్కసారే దొరుకుతుంది. మరో స్కూలుకు మారినా అప్పటిదాకా గడిచిన కాలం లెక్కలోనే ఉంటుంది. మాకు పోలియో, ఆటలమ్మ, గవదబిళ్లలు సున్నా కాబట్టి, అవి ఒక్కొక్క డోసైనా పడేదాకా లేఖ రాసినా ఫలితం ఉండదు. అందుకే ముందు డాక్టరు దగ్గరికి, తర్వాత లేఖ.

కొత్తవాళ్లకు పిల్లల డాక్టరు దగ్గర సమయం దొరకడం ఆలస్యమవుతుంది. మాకు ఆగస్టు 20న దొరికింది. ఆలోగా ఊరి నుంచి కాగితాలు తెప్పించాం. మా దగ్గరున్న తల్లీబిడ్డల కార్డులో 2021 నాటి బూస్టర్ గడిలో టిక్కు పెట్టారు కానీ తేదీ రాయలేదు. మా నాన్నగారు ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడిగారు. "కార్డులో రాయకపోయినా మా రిజిస్టరులో ఉంటుందండీ" అని ఏఎన్ఎం గారు పాత రిజిస్టరు తీసి పేజీ చూపించారట. ఆ తేదీలతో మెడికల్ ఆఫీసరు గారు ఇంగ్లీషులో ఒక ధ్రువపత్రం రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చారు. ఆ ఒక్క కాగితం లేకపోతే డీపీటీ నాలుగో డోసు, తట్టు డోసు కూడా పోయేవి.

తేదీలు రాసే పద్ధతి దగ్గర చాలా జాగ్రత్త అవసరం. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అక్కడ నెల ముందు. 03/02/2021 అని ఉంటే నర్సు దాన్ని మార్చి 2 అని చదువుతుంది. అమ్మాయి పుట్టిన తేదీ 12/11/2018 డిసెంబరు 11 అవుతుంది. అప్పుడు పుట్టిన రోజు వేసిన టీకాకూ పాస్‌పోర్టులో ఉన్న పుట్టిన తేదీకీ పొంతన ఉండదు. ధ్రువపత్రంలో నెల పేర్లను అక్షరాల్లో రాయమని నాన్నగారితో చెప్పించాం. లేఖలోనూ అలాగే రాశాను.

ఆగస్టు 20న అమ్మాయికి డీపీటీ కోవకు చెందిన టీకా, పూర్తి డోసు పోలియో ఇంజెక్షన్, హెపటైటిస్ బి, తట్టు-గవదబిళ్లలు-రుబెల్లా కలిపిన ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, అన్నీ ఒకే రోజు వేశారు. ఇన్ని ఒకేసారా అని నా గుండె దడదడలాడింది. డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు: ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకాలు. వేస్తే రెండూ ఒకే రోజు వేయాలి, లేదంటే మధ్యలో కనీసం 28 రోజులు ఆగాలి. ఒకటి ఈ వారం, ఇంకొకటి వచ్చే వారం అని విడదీస్తే రెండోది చెల్లదు. ఆ సాయంత్రం కొద్దిగా జ్వరం, చేతుల నొప్పి ఉన్నాయి, మర్నాటికి తగ్గాయి.

లేఖ మర్నాడు రాశాను. ఇంగ్లీషులో రాసిన దాన్నే ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

"2024 ఆగస్టు 21

స్కూలు నర్సు గారికి, ప్రిన్సిపాల్ గారికి నమస్కారం.

మా అమ్మాయి (పుట్టిన తేదీ 2018 నవంబరు 12) ఈ సెప్టెంబరులో మీ స్కూల్లో కిండర్‌గార్టెన్‌లో చేరుతోంది. తనకు కావలసిన టీకాలన్నీ వేయించాలన్నదే మా నిర్ణయం. ఇది మినహాయింపు కోరే లేఖ కాదు. మిగిలిన డోసులు పూర్తి చేయడానికి 2025 మార్చి 28 వరకు సమయం, అంతవరకు తాత్కాలిక ప్రవేశం కోరుతున్నాను.

మేము గత నెలలో భారతదేశం నుంచి వచ్చాం. అక్కడి ప్రభుత్వ పట్టిక ప్రకారం తనకు టీకాలు వేయించాం. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వల్ల ఒక విడత ఆలస్యమై 2021 ఫిబ్రవరి 3న పడింది. ఇది కాక, ఆ దేశపు పట్టికకూ ఇక్కడి పట్టికకూ ఉన్న తేడాల వల్ల కొన్ని డోసులు ఇక్కడ లెక్కకు రావని మా డాక్టరు చెప్పారు.

నిన్న, ఆగస్టు 20న, స్కూలుకు కావలసిన ప్రతి టీకాలో ఒక డోసు పడింది. డీపీటీ కోవలో ఇది అయిదో డోసు. హెపటైటిస్ బి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మలకు స్కూలు నియమం ప్రకారం కావలసినవి దీంతో పూర్తయ్యాయి. మిగిలింది పోలియో. రెండో డోసుకు 2024 సెప్టెంబరు 17న సమయం తీసుకున్నాం. మూడో డోసుకు, రెండో దాని తర్వాత కనీసం ఆరు నెలలు ఆగాలి కాబట్టి, 2025 మార్చి 18న సమయం తీసుకున్నాం. ఈ వ్యవధి టీకా నియమం వల్ల వచ్చినది. ఇంతకంటే ముందు వేయిస్తే ఆ డోసు చెల్లదు.

ప్రతి డోసు పడిన రెండు రోజుల్లోగా డాక్టరు సంతకం ఉన్న రికార్డు మీకు పంపుతాను. ఏ కారణం చేతనైనా తేదీ మారితే ఆ రోజే తెలియజేస్తాను. ఆగస్టు 20 నాటి రికార్డు, డాక్టరు రాసిన మిగిలిన డోసుల పట్టిక, భారతదేశం నుంచి వచ్చిన ధ్రువపత్రం జత చేస్తున్నాను.

స్కూల్లో ఎవరికైనా తట్టు, ఆటలమ్మ వంటి జబ్బు వచ్చి, టీకాలు పూర్తికాని పిల్లలను ఇంట్లో ఉంచమంటే అలాగే ఉంచుతాం."

చివరి వాక్యం రాయాలా వద్దా అని మావారూ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. అడగని మాట ఎందుకు ఇవ్వడమని ఆయన. తరగతిలో జబ్బుల వల్ల టీకాలు వేయించుకోలేని పిల్లలు కూడా ఉండవచ్చు, మనం అడుగుతున్న గడువు వాళ్లకూ సంబంధించినదే అని నేను. ఉంచాం. నర్సు ఫోన్ చేసినప్పుడు ఆ వాక్యం గురించి ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

తాత్కాలిక ప్రవేశం ఇస్తున్నట్టు స్కూలు నుంచి జవాబు వచ్చింది. అందులో రెండు పోలియో తేదీలూ రాసి, ఆ తేదీలకు రికార్డు అందకపోతే అమ్మాయిని తరగతికి రానివ్వబోమని కూడా రాశారు. అది నాకు కటువుగా అనిపించలేదు. మేము అడిగిన గడువుకు అదే అర్థం.

సెప్టెంబరు 17న అమ్మాయికి జలుబు, ముక్కు కారుతోంది. వాయిదా వేద్దామా అని క్లినిక్‌కు ఫోన్ చేశాను. మామూలు జలుబు టీకాకు అడ్డు కాదు, తీసుకురండి అన్నారు. ఆ రోజు తప్పిపోయి ఉంటే మూడో డోసు కూడా అన్ని రోజులు వెనక్కి జరిగి, లేఖలో రాసిన మార్చి తేదీ నిలిచేది కాదు. అదే రోజు ఎంఎంఆర్ రెండోది కూడా వేశారు. గవదబిళ్లలకు స్కూలు ఒక్క డోసుతో సరిపెట్టుకున్నా, పూర్తి రక్షణకు రెండు కావాలని డాక్టరు గారి సలహా. ఆటలమ్మ రెండోది మూడు నెలల వ్యవధి చూసుకుని నవంబరులో వేయించాం.

నవంబరులోనే ఒక చిక్కు వచ్చింది. డీపీటీ కోవలో ఒక్క డోసే ఉందని, వెంటనే మిగిలినవి వేయించాలని స్కూలు నుంచి హెచ్చరిక వచ్చింది. కారణం వెతికితే తెలిసింది: క్లినిక్ వాళ్లు తాము వేసిన టీకాలను రాష్ట్ర రిజిస్ట్రీలో ఎక్కించారు కానీ, భారత్‌లో వేసిన పాత డోసులను ఎక్కించలేదు. స్కూలు కంప్యూటర్ ఆ రిజిస్ట్రీని చూసి హెచ్చరిక తీసింది. దాన్ని నమ్మి ఇంకో డోసు వేయిస్తే పిల్లకు అనవసరంగా సూది. మెడికల్ ఆఫీసరు గారి ధ్రువపత్రం మళ్లీ క్లినిక్‌కు పంపి, పాత డోసులను కూడా తేదీలతో ఎక్కించమని అడిగాను. ఎక్కించాక హెచ్చరికను వెనక్కి తీసుకున్నారు. మొదటి రోజే, పాత డోసులు రిజిస్ట్రీలో చేరాయో లేదో ఒక ప్రతి అడిగి చూసుకోవడం మంచిది.

మార్చి 18న మూడో పోలియో డోసు పడింది. రికార్డు పంపిన రోజే నర్సు తాత్కాలికం అన్న మాట కొట్టేసి ఫైలు మూశారు.

మా తోడికోడలు వాళ్లు కూడా హైదరాబాద్ నుంచి రాబోతున్నారు. నా లేఖ ప్రతి అడిగితే ఇచ్చాను కానీ, దాన్ని అలాగే దించుకోవద్దని చెప్పాను. వాళ్ల బాబుకు టీకాలన్నీ ప్రైవేటు డాక్టరు దగ్గర పడ్డాయి. ఆరు టీకాలు కలిపిన ఇంజెక్షన్‌లో పూర్తి డోసు పోలియో ఉంటుంది కాబట్టి అవి లెక్కకు వస్తాయి, నాలుగేళ్లు దాటాక ఇంకొకటి సరిపోతుంది. పద్దెనిమిది నెలలకు మళ్లీ అదే వేశారు కాబట్టి హెపటైటిస్ బి దగ్గర చిక్కు లేదు. ఎంఎంఆర్ తొమ్మిది నెలలది పోయినా పదిహేను నెలలది నిలుస్తుంది. వాళ్లు బయలుదేరే లోపే నాలుగేళ్లు నిండుతాయి కాబట్టి, మిగిలిన డోసులను హైదరాబాద్‌లోనే వేయించి, ఇంజెక్షన్ పేరు, తేదీ, డాక్టరు సంతకం ఉన్న కాగితం తెచ్చుకోమన్నాను. అలా చేస్తే గడువు అడిగే లేఖే వాళ్లకు అవసరం రాకపోవచ్చు.